పాత ఫ్రిజ్ అమ్మకానికి ఉంది

"ఫ్రిజ్ అమ్మబడును. డబుల్ డోర్. గుడ్ కండిషన్. అర్జెంట్." అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో, కిరాణా కొట్టు గోడ మీద, వాచ్‌మన్ గది తలుపు మీద ఇలాంటి ప్రకటనలు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. పెట్టిన గంటలోనే ఫోన్లు మొదలవుతాయి. ప్రతి ఫోనులోనూ అవే ప్రశ్నలు. ఎన్నేళ్లయిందండీ? గ్యాస్ ఎప్పుడైనా పట్టించారా? ఏ ఫ్లోర్? లిఫ్టుందా? సాయంత్రం రావొచ్చా? పదిమందికి అవే జవాబులు చెప్పేసరికి అమ్మేవాళ్లు విసిగిపోతారు. ఎల్‌బీ నగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మనిషి మెట్ల మలుపు చూసి వెనక్కి తిరుగుతాడు.

తప్పు ఫ్రిజ్‌ది కాదు, ప్రకటనది. "గుడ్ కండిషన్" అన్న మాటను తెచ్చి ఎక్కడా కొలవలేం. ఫలానా నెలలో కొన్నాం, ఫలానా భాగం మార్పించాం, ఫలానా రోజున వచ్చి తీసుకెళ్లాలి అంటే మాత్రం కొనేవాళ్లు ఇంటి నుంచి కదలకముందే నిర్ణయానికి రాగలరు.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడుద్దాం. హైదరాబాద్ నిజాంపేటలో, లిఫ్టు లేని భవనంలో మూడో అంతస్తులో అద్దెకుంటున్న కుటుంబం. బెంగళూరుకు బదిలీ అయింది, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యాలి. అమ్మాల్సినవి రెండు: 2018 దసరాకు కొన్న 260 లీటర్ల ఫ్రాస్ట్ ఫ్రీ డబుల్ డోర్ ఫ్రిజ్, ముందు తలుపున్న వాషింగ్ మెషీన్. ఫ్రిజ్ బాగానే పనిచేస్తోంది. 2022 ఎండాకాలంలో మాత్రం ఒకసారి మెకానిక్ వచ్చి వెళ్లాడు. ఈ విషయం ప్రకటనలో రాయాలా, వద్దా అన్నదే ఇంట్లో చర్చ.

ముందు వయసు సంగతి. "ఆరేళ్లు వాడాం" అని రాస్తే ఎక్కడి నుంచి లెక్క? తయారైన నెల ఒకటి, బిల్లు మీది తేదీ ఒకటి. షోరూములో మోడల్ మారేటప్పుడు తక్కువ ధరకు కొన్న ఫ్రిజ్ అయితే ఈ రెంటి మధ్య ఏడాది తేడా కూడా ఉండొచ్చు. చాలా ఫ్రిజ్‌లలో కింది అర లోపలి గోడకో, కూరగాయల డబ్బా పక్కనో, వెనకవైపో ఒక చీటీ అతికించి ఉంటుంది. మోడల్ నంబరు, లీటర్లు, లోపల పోసిన గ్యాస్ పేరు దాని మీదే ఉంటాయి. తయారైన నెల, సంవత్సరం కూడా చాలావాటిలో అక్కడే దొరుకుతాయి. మసక పట్టి ఉంటే తడిగుడ్డతో తుడిచి ఫొటో తీస్తే చాలు, సగం ప్రశ్నలు తీరిపోతాయి. మన ఉదాహరణలో చీటీ మీద జూన్ 2018, బిల్లు మీద అక్టోబరు 2018. రెండూ రాయడమే మేలు. పైగా "ఆరేళ్లు" అన్న మాట మరుసటి ఏడాదికి తప్పయిపోతుంది. నెల, సంవత్సరం రాస్తే లెక్క కొనేవాళ్లే వేసుకుంటారు.

స్టార్ల విషయంలో చాలామంది పొరబడతారు. 2018లో నాలుగు స్టార్ల లేబుల్ ఉన్న ఫ్రిజ్‌ను "ఫోర్ స్టార్" అని రాయడంలో అబద్ధం లేదు. కానీ ఆ స్టార్లు ఆనాటి కొలత ప్రకారం ఇచ్చినవి. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఎప్పటికప్పుడు కొలతను బిగిస్తూ వస్తోంది కాబట్టి అప్పటి నాలుగు స్టార్లు, ఇప్పటి నాలుగు స్టార్లు ఒకటి కావు. లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఒక అంకె ఉంటుంది. స్టార్ల పక్కన ఆ అంకె, లేబుల్ మీది సంవత్సరం కూడా రాస్తే కరెంటు బిల్లు గురించి అడిగేవాళ్లకు సరైన జవాబు దొరుకుతుంది.

ఇక అసలు విషయం, పనితీరు. ఎనిమిదేళ్లు పాడవకుండా నడిచిన ఫ్రిజ్ ఉండొచ్చు, మూడేళ్లకే రెండుసార్లు మెకానిక్ చేతిలో పడ్డదీ ఉండొచ్చు. అందుకే "గ్యాస్ పట్టించారా?" అన్న ప్రశ్నకు అంత విలువ. చాలామంది ప్రకటనలో "కొత్తగా గ్యాస్ ఎక్కించాం" అని గొప్పగా రాస్తారు. స్కూటర్లో పెట్రోలులాగా ఫ్రిజ్‌లో గ్యాస్ ఖర్చయిపోయేది కాదు. అన్ని వైపులా మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారిందనే అర్థం. కారే చోటు కనిపెట్టి అతికించాక ఎక్కిస్తే మరమ్మతు, ఊరికే ఎక్కిస్తే కొన్ని నెలల వాయిదా. కాబట్టి గ్యాస్ పట్టించిన ఫ్రిజ్ అమ్మేవాళ్లు ఎప్పుడు పట్టించారో, లీకు ఎక్కడ దొరికిందో రాయాలి. దొరకలేదంటే ఆ మాటా రాయాలి, ధర అందుకు తగ్గట్టు ఉండాలి.

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో ఈ లీకుకు తరచు కారణం వంటింటి కత్తి. పై గడిలో మంచు గడ్డకట్టి డబ్బా ఊడిరాకపోతే కత్తితో పొడుస్తారు. ఆ పలుచని రేకులోపలే గ్యాస్ తిరిగే దారి ఉంటుంది. చిన్న చిల్లు పడితే బుస్సుమని గ్యాస్ పోతుంది. పాత సింగిల్ డోర్ చూడ్డానికి వెళ్లినవాళ్లు పై గడి గోడల మీద అతుకు గుర్తుందేమో వేలితో తడిమి చూడాలి.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ కథ వేరు, దాన్ని కాస్త వివరంగా తెలుసుకోవాలి. చల్లబరిచే కాయిల్ ఫ్రీజర్ వెనక పలక చాటున ఉంటుంది. ఒక చిన్న ఫ్యాను ఆ చల్లగాలిని ఫ్రీజర్లోకి, అక్కడి నుంచి కింది అరల్లోకి తోస్తుంది. తలుపు తీసినప్పుడల్లా లోపలికి చేరే తేమ కాయిల్ మీద మంచుగా పేరుకుంటుంది. కొన్ని గంటలకోసారి ఒక హీటరు వెలిగి ఆ మంచును కరిగిస్తుంది. నీళ్లు గొట్టం గుండా కిందికి దిగి, కంప్రెషర్ దగ్గరున్న పళ్లెంలో పడి ఆవిరైపోతాయి. ఆ హీటరో, దాన్ని నడిపే సెన్సరో పాడైతే మంచు కరగదు. పొర మీద పొర పేరుకుని గాలిదారి మూసుకుపోతుంది. అప్పుడు పైన ఐసు గట్టిగానే ఉంటుంది, కింద మాత్రం పాలు విరిగిపోతాయి.

నిజాంపేట ఇంట్లో 2022 ఎండాకాలంలో జరిగింది అదే. హీటరు, సెన్సరు మార్చాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన కిటుకు ఇక్కడే ఉంది. హీటరు పాడైన ఫ్రిజ్‌ను కూడా ఒకరోజు ఆపి తలుపులు బార్లా తెరిచి ఉంచితే, పేరుకున్న మంచంతా కరిగిపోతుంది. మళ్లీ వేస్తే కొత్తదానిలా చల్లబరుస్తుంది. కొన్ని రోజులపాటు ఏ లోపమూ కనిపించదు. తర్వాత మళ్లీ మొదటికే వస్తుంది. అమ్మేముందు శుభ్రంగా కడిగి పెడదామని ఆపినవాళ్లు మంచి మనసుతోనే ఆపినా, లోపం మాత్రం దాగిపోతుంది. అందుకే పాత ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ ప్రకటనలో అన్నిటికన్నా విలువైన వాక్యం "రెండు నెలలుగా ఒక్కసారి కూడా ఆపలేదు, ఇప్పుడూ వాడుతున్నాం" అనేది. కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా "చివరిసారి ఎప్పుడు ఆపారండీ?" అనే. ఫ్రీజర్ వెనక పలక మీద మంచు మందంగా కట్టి ఉంటే, లేదా పలక ఉబ్బి ముందుకొచ్చినట్టుంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

అలా చూస్తే 2022 మరమ్మతు దాచుకోవాల్సిన విషయమే కాదు. ఏ భాగం పోయింది, ఏది మార్చారు, అప్పటి నుంచి ఎలా ఉంది అని రాసినవాళ్లను కొనేవాళ్లు నమ్ముతారు. ఆ కాగితం దొరికితే ఫొటో జత చేయాలి.

చల్లదనం ఎంతో చెప్పడానికీ మార్గముంది. రాత్రి మధ్య అరలో గ్లాసుడు నీళ్లు పెట్టి, పొద్దున తలుపు తీసిన వెంటనే ఆ నీళ్లలో వంటింటి థర్మామీటరు ముంచితే రెండు నుంచి అయిదు డిగ్రీల మధ్య చూపించాలి. గాలిలో పెడితే తలుపు తీయగానే అంకె మారిపోతుంది, నీళ్లలో అయితే నిలుస్తుంది. ఫ్రీజర్ పద్దెనిమిది డిగ్రీల మైనస్‌లో ఉండాలి. థర్మామీటరు లేకపోతే ఐస్‌క్రీమ్ చాలు. రాత్రంతా ఫ్రీజర్లో ఉన్న ఐస్‌క్రీమ్‌లో చెంచా తేలిగ్గా దిగిపోతోందంటే ఫ్రీజర్ చాలినంత చల్లగా లేనట్టే.

తలుపు రబ్బరుకు పది రూపాయల నోటు పరీక్ష ఉంది. నోటును రబ్బరుకూ ఫ్రిజ్‌కూ మధ్య పెట్టి తలుపు మూసి లాగితే కాస్త బిగువు తెలియాలి. నాలుగు వైపులా చూడాలి, ముఖ్యంగా బందుల వైపు, కింది మూలల్లో. ఊరికే జారి వచ్చేసిందంటే రబ్బరు మార్చాల్సిందే. అదేమంత పెద్ద ఖర్చు కాదు, ముందే రాస్తే బేరంలో గొడవ ఉండదు. కంప్రెషర్ ఆగుతోందా లేదా అన్నది కూడా చాలామంది అడుగుతారు. మామూలు కంప్రెషరైతే చల్లబడ్డాక ఆగాలి, కొంతసేపటికి మళ్లీ అందుకోవాలి. ఇన్వర్టర్ కంప్రెషర్ మాత్రం తక్కువ వేగంతో చాలాసేపు నడుస్తూనే ఉంటుంది. దాన్ని లోపమనుకుని భయపడకూడదు. పక్క గోడలు వెచ్చగా తగలడం కూడా చాలా ఫ్రిజ్‌లకు సహజమే, వేడిని వదిలే గొట్టాలు ఆ రేకు వెనకే ఉంటాయి.

కూరగాయల డబ్బా పగిలితే, కాళ్ల దగ్గర తుప్పు పడితే ఒక్క ముక్కలో రాసి ఫొటో పెడితే సరిపోతుంది. వాటి గురించి ఇక్కడ ఎక్కువ చెప్పాల్సిన పని లేదు.

ప్రకటనల్లో అందరూ మరిచిపోయేది తీసుకెళ్లే ఏర్పాటు. ఇందులో ఒక చిక్కుముడి ఉంది. చూసేటప్పుడు ఫ్రిజ్ నడుస్తూ, నిండుగా ఉండాలి. తీసుకెళ్లేటప్పుడు ఆపి, ఖాళీగా, పొడిగా ఉండాలి. "మీరొస్తున్నారని ఇప్పుడే ఆపేశాం, అన్నీ సర్దేశాం" అంటే చూసేందుకు ఏమీ మిగలదు. ఆపిన ఫ్రిజ్‌ను మళ్లీ వేసినా చల్లబడడానికి గంటలు పడుతుంది. అందుకని చూసే రోజు, తీసుకెళ్లే రోజు వేరువేరుగా రాయడం అందరికీ సుఖం. ఉదాహరణలోని కుటుంబం ఇలా అనుకోవచ్చు: చూడ్డానికి 20 నుంచి 25వ తేదీ వరకు సాయంత్రాలు, తీసుకెళ్లడానికి 28 ఆదివారం పొద్దున. 27 రాత్రి ఆపి, సామాను తీసి, తలుపులు తెరిచి, కింద గుడ్డ పరుస్తారు. తెల్లారేసరికి మంచు కరిగి లోపలంతా ఆరిపోతుంది.

మూడో అంతస్తు, లిఫ్టు లేదు అన్నమాట ప్రకటన మొదట్లోనే ఉండాలి. ఇలాంటి ఫ్రిజ్ సుమారు అయిదడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, యాభై కిలోలకు అటూ ఇటూ బరువు. ఇద్దరు హమాలీలు బెల్టు వేసి దించగలరు. కానీ మెట్ల మలుపులో తిరుగుతుందా? టేపుతో మెట్ల వెడల్పు, మలుపు దగ్గర ఖాళీ, ఇంటి గుమ్మం కొలిచి రాస్తే సరి. కొనేవాళ్లు కూడా తమ గుమ్మం, ఫ్రిజ్ పెట్టే మూల కొలుచుకుని రావాలి. హమాలీల కూలీ, ట్రాలీ ఆటో కిరాయి ఎవరివో ముందే తేలాలి. మామూలుగా కొనేవాళ్లవే, అయినా రాసి ఉంటే గేటు దగ్గర మాటామాటా పెరగదు. సామాను దించడానికి అసోసియేషన్ వేళలు పెట్టిన అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. అలాంటి చోట ఆ వేళలు కూడా రాయాలి.

ఆటోలో ఫ్రిజ్‌ను నిలబెట్టే తీసుకెళ్లాలి. పడుకోబెడితే కంప్రెషర్ అడుగునున్న నూనె గొట్టాల్లోకి పారుతుంది. అది వెనక్కి దిగకముందే స్విచ్ వేస్తే కంప్రెషర్ నూనె లేకుండా తిరుగుతుంది, నూనె చేరిన సన్న గొట్టం మూసుకుపోయే ప్రమాదమూ ఉంది. తప్పనిసరై వంచాల్సి వస్తే ఇంటికి చేరాక ఒక రాత్రంతా నిలబెట్టి ఉంచి, ఆ తర్వాతే వెయ్యాలి. నిలువుగానే వచ్చినా రెండు మూడు గంటలు ఆగడం మంచిది. లోపలి గాజు అరలు తీసి విడిగా పాత దుప్పట్లో చుట్టాలి, తలుపులను తాడుతో కట్టాలి. ప్లాస్టర్ నేరుగా తలుపుకు అంటిస్తే పీకేటప్పుడు రంగు ఊడొస్తుంది.

డబ్బుల దగ్గర ఒక జాగ్రత్త. ఫ్రిజ్ చూడకుండానే, బేరమాడకుండానే "మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు, మీకు డబ్బు పంపడానికి ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అని ఎవరైనా ఫోన్లో అంటే అక్కడితో ఆపెయ్యాలి. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు. పిన్ అడిగిందంటే మన ఖాతాలోంచి పోతోందనే అర్థం. ఇలా మోసపోయినవాళ్లు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చెయ్యాలి. "అడ్వాన్సు వెయ్యి, మిగతాది ఆటో ఎక్కించే ముందు" అని ప్రకటనలోనే రాయడం ఇద్దరికీ న్యాయం.

ఇక వాషింగ్ మెషీన్. ముందు తలుపు మెషీన్‌లో వయసుకన్నా ముందు వినాల్సింది దాని చప్పుడు. ఆపి ఉన్నప్పుడు లోపలి డ్రమ్మును చేత్తో తిప్పితే మెత్తగా తిరగాలి. గరగరమంటూ, రోలు తిరిగినట్టు శబ్దం వస్తే బేరింగు అరిగింది. డ్రమ్ము అంచు పట్టుకుని పైకెత్తి చూడాలి. టబ్బుతో కలిసి ఊగితే ఫరవాలేదు, స్ప్రింగుల మీద వేలాడేది కాబట్టి ఊగుతుంది. డ్రమ్ము విడిగా లటపటమంటేనే జబ్బు. చాలా మెషీన్లలో బేరింగు మార్చాలంటే టబ్బంతా విప్పాలి, పాత మెషీన్‌కు ఆ ఖర్చు గిట్టుబాటు కాదు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడత విప్పి చిరుగు, నల్లటి బూజు ఉన్నాయేమో చూడాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో హీటరు మీద తెల్లటి పొర కడుతుంది. అందుకే ప్రకటనలో మంజీరా నీళ్లా, బోరు నీళ్లా రాయడం పనికొచ్చే సమాచారం. కొనేవాళ్లు వచ్చినప్పుడు నాలుగు తువాళ్లు తడిపి వేసి ఒకసారి జాడింపు, పిండడం చూపించాలి. ఆ కొద్దిసేపట్లో నీళ్లు ఎక్కడం, దిగడం, తలుపు తాళం, పిండేటప్పుడు అదురు అన్నీ తెలిసిపోతాయి.

దీన్ని తరలించడంలో అసలు కిటుకు మేకుల్లాంటి పొడుగు బోల్టులు. కొత్తగా వచ్చినప్పుడు మెషీన్ వెనక మూడో నాలుగో బోల్టులు బిగించి ఉంటాయి. స్ప్రింగుల మీద వేలాడే టబ్బు దారిలో కొట్టుకోకుండా పట్టి ఉంచేవి అవే. బిగించే మనిషి వాటిని విప్పి చేతిలో పెట్టి వెళ్తాడు. చాలా ఇళ్లలో అవి అటక మీద ఏదో డబ్బాలో ఉంటాయి, లేదా ఏనాడో పాత సామానులో పోయి ఉంటాయి. ఉంటే "ట్రాన్సిట్ బోల్టులు ఉన్నాయి" అని రాయాలి. లేకపోతే డ్రమ్ము చుట్టూ దుప్పట్లు కూరి, నిలబెట్టి, మెల్లగా తీసుకెళ్లాలి. టబ్బుకు కాంక్రీటు దిమ్మ కట్టి ఉంటుంది కాబట్టి ఇది ఫ్రిజ్‌కన్నా పొట్టిదైనా బరువెక్కువ, అరవై డెబ్భై కిలోలు తూగుతుంది. ముందువైపు కింద మూలనున్న చిన్న మూత విప్పితే లోపల మిగిలిన నీళ్లు వస్తాయి. ముందు రోజే ఒక పళ్లెం పెట్టి తీసెయ్యాలి, లేకపోతే మెట్లన్నీ తడిసి హమాలీల కాళ్లు జారతాయి.

ఇంతా చేశాక నిజాంపేట ప్రకటన ఇలా తయారవుతుంది:

"260 లీటర్ల డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్. తయారీ జూన్ 2018, కొన్నది అక్టోబరు 2018, బిల్లు ఉంది. రోజూ వాడుతున్నాం, రెండు నెలలుగా ఆపలేదు. గ్యాస్ ఎప్పుడూ పట్టించలేదు. 2022 మేలో హీటరు, సెన్సరు మార్పించాం, ఆ తర్వాత ఇబ్బంది లేదు. కింది తలుపు రబ్బరు ఒక మూల వదులుగా ఉంది. కూరగాయల డబ్బా పగిలింది. రెంటి ఫొటోలూ పెట్టాం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, మెట్ల వెడల్పు మూడున్నర అడుగులు. 20 నుంచి 25 వరకు సాయంత్రం ఆరు తర్వాత వచ్చి నడుస్తుండగా చూడవచ్చు. 28 ఆదివారం పొద్దున తొమ్మిదికి తీసుకెళ్లాలి. హమాలీలు, ఆటో కొనేవారివే. రూ.9,000. అడ్వాన్సు వెయ్యి, మిగతాది ఎక్కించే ముందు."

దీనికి వచ్చే ఫోన్లు తక్కువే ఉండొచ్చు. కానీ వచ్చినవాళ్లు మెట్లు, రబ్బరు, ధర అన్నీ తెలిసే వస్తారు. బేరం ఆ రబ్బరు ఖర్చు దగ్గర మొదలై అక్కడే తేలుతుంది. ఆదివారం పొద్దున ఇద్దరు హమాలీలు ఫ్రిజ్‌ను దించి ట్రాలీలో నిలబెట్టి కడతారు. బిల్లు, వారంటీ కార్డు, గుడ్డసంచిలో గాజు అరలు కొనేవాళ్ల చేతికి అందుతాయి. మధ్యాహ్నానికి అది ఇంకో ఇంట్లో గోడకు నాలుగు వేళ్ల ఎడంగా నిలబడి ఉంటుంది. రెండు మూడు గంటలు ఆగాక స్విచ్ వేస్తారు. రాత్రి మధ్య అరలో గ్లాసుడు నీళ్లు పెడతారు.